సప్లయర్ బ్యాంక్ అకౌంట్ మారిందని మెయిల్ వస్తే, డబ్బు వదిలే ముందు ఏం చేయాలి?

ప్రశ్న: "మూడేళ్లుగా సరుకు ఇస్తున్న సప్లయర్ నుంచి, మా బ్యాంక్ అకౌంట్ మారింది, ఇకపై కొత్త దాంట్లోనే వేయండి అని మెయిల్ వచ్చింది. మెయిల్ ఐడీ అదే. లెటర్‌హెడ్, స్టాంపు, సంతకం ఉన్నాయి, బ్యాంక్ లెటర్ కూడా జత చేశారు. గురువారం పేమెంట్ రన్. ఆ మెయిల్‌కే రిప్లై ఇచ్చి కన్ఫర్మ్ చేసుకోమంటున్నారు మా మేనేజర్. అది సరిపోతుందా? ఫోన్ చేయాలంటే ఎవరికి చేయాలి, ఏమడగాలి?"

సరిపోదు. ఆ మెయిల్‌కి రిప్లై ఇవ్వకండి, అందులో కనిపించే ఏ ఫోన్ నంబరుకీ చేయకండి. ఈ మెయిల్ రాకముందు నుంచే మీ రికార్డుల్లో ఉన్న నంబరుకి మీరే ఫోన్ చేసి, కొత్త అకౌంట్ నంబరును అవతలి వాళ్ల చేతే చదివించుకోండి. మీరు చదివి వాళ్లచేత "అవును" అనిపించుకుంటే లెక్కలోకి రాదు. ఈ పని పూర్తయ్యేదాకా ఆ ఒక్క సప్లయర్ బిల్లులు హోల్డ్‌లో పెట్టి, మిగతా పేమెంట్ రన్ మామూలుగా నడిపించేయండి. పాత అకౌంట్‌కి వేస్తే మోసపోయే ప్రమాదం లేదు గానీ, వాళ్లు నిజంగానే దాన్ని మూసేసి ఉంటే డబ్బు తిరిగొచ్చి, దాన్ని సరిచూసుకునే పని మీ నెత్తిన పడుతుంది. ఒకటి రెండు రోజులు ఆపడమే తేలిక.

ఇక కారణాలు చెప్తాను. మీ మేనేజర్‌గారిని ఒప్పించడానికి అవే పనికొస్తాయి.

మెయిల్ ఐడీ అదే అయినా ఎందుకు నమ్మకూడదు

ఇలాంటి మెయిల్ రెండు రకాలుగా వస్తుంది. మొదటిది, చూడ్డానికి అదే అనిపించే వేరే అడ్రస్ నుంచి వచ్చేది. `m` ఉండాల్సిన చోట `r`, `n` పక్కపక్కన పెడతారు. `l` ఒకటి ఎక్కువో తక్కువో వేస్తారు. లేదా పంపిన అడ్రస్ సరైనదే కనిపిస్తుంది, కానీ మనం రిప్లై కొట్టగానే అది వేరే చోటికి వెళ్లేలా హెడర్‌లో రాసి ఉంటుంది. మెయిల్ పూర్తి హెడర్ తెరిచి చూస్తే ఇలా ఉంటుంది:

```
From: accounts@supplier.example
Reply-To: accounts@suppller.example
```

రెండో లైన్‌లో ఒక అక్షరమే తేడా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంద మెయిళ్లు చూసే మనిషి కంటికి అది ఆనదు.

రెండో రకం ఇంకా ప్రమాదకరం. మీ విషయంలో ఐడీ నిజంగానే అదే అయితే, ఆలోచించాల్సింది దీని గురించే. సప్లయర్ అకౌంట్స్ మెయిల్‌బాక్స్ పాస్‌వర్డ్ దొంగ చేతికి చిక్కి ఉంటుంది. వాడు లోపల కూర్చుని కొన్ని వారాల పాటు ఏమీ చేయకుండా చదువుతాడు. ఏ కస్టమర్ ఎంత బాకీ, ఏ బిల్లు గడువు ఎప్పుడు, మీరు ఎవర్ని "గారు" అంటారు, ఎవర్ని పేరుతో పిలుస్తారు, ఇవన్నీ వాడికి తెలిసిపోతాయి. ఆ తర్వాత అసలు మెయిల్ థ్రెడ్‌లోనే, నిజమైన బిల్లు నంబరు వేసి, అకౌంట్ మారిందని రాస్తాడు. ఆ మెయిల్ నిజంగానే వాళ్ల సర్వర్ నుంచే బయల్దేరుతుంది కాబట్టి, పంపిన సర్వర్ అసలైనదో కాదో చూసే SPF, DKIM, DMARC పరీక్షలన్నీ పాసవుతాయి. మీ ఐటీ వాళ్లు హెడర్ చూసి "మెయిల్ అసలైనదే" అంటారు. వాళ్లు చెప్పింది నిజమే, కానీ రాసిన చెయ్యి ఎవరిదో ఆ పరీక్షలు చెప్పలేవు.

ఇలాంటప్పుడు మీరు రిప్లై ఇస్తే ఏమవుతుందో చూడండి. దొంగ ముందే ఆ మెయిల్‌బాక్స్‌లో ఒక రూల్ పెట్టి ఉంచుతాడు. మీ కంపెనీ నుంచి వచ్చేవి, లేదా `bank`, `account`, `payment` లాంటి పదాలున్నవి, ఎవరూ తెరవని `RSS Feeds` లాంటి ఫోల్డర్‌లోకి నేరుగా వెళ్లిపోతాయి. అసలు ఉద్యోగి ఇన్‌బాక్స్‌లో మీ ప్రశ్న కనిపించనే కనిపించదు. దొంగే దాన్ని చదివి, "అవునండీ, మార్పు నిజమే, ఈ వారం పేమెంట్ కొత్త అకౌంట్‌కే వేయండి" అని మర్యాదగా జవాబిస్తాడు. మీ ఫైల్‌లో "కన్ఫర్మ్ చేసుకున్నాం" అని ఒక ప్రింటు చేరుతుంది. ఆ ప్రింటు ఇచ్చింది దొంగే.

లెటర్‌హెడ్, స్టాంపు, సంతకం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పాత బిల్లు ఒక్కటి దొరికితే అవన్నీ అందులోంచి తీసుకోవచ్చు. బ్యాంక్ లెటర్ కూడా అంతే, ఏదో ఒక అసలు లెటర్ మీద పేరు, నంబరు మార్చిన పీడీఎఫ్. లెటర్ ఇచ్చిన బ్యాంక్‌కి ఫోన్ చేసి అడుగుదామంటే, తమ ఖాతాదారుడి వివరాలు బయటివాళ్లకి బ్యాంక్ చెప్పదు. ఈ కాగితాలు ఫైల్‌లో ఉండాల్సినవే, కానీ వాటిని రుజువుగా లెక్కేయకండి.

ఏ నంబరుకి చేయాలి

అసలు రక్షణంతా ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉంది కాబట్టి కొంచెం నింపాదిగా చెప్తాను. ఫోన్ చేయడం వేరు, సరైన నంబరుకి చేయడం వేరు. "మేం ఫోన్ చేసి కనుక్కున్నాం" అని చెప్పిన తర్వాత కూడా డబ్బు పోయిందంటే, చాలావరకు ఆ ఫోన్ దొంగ ఇచ్చిన నంబరుకే వెళ్లి ఉంటుంది. మెయిల్ కింద సంతకంలో ఉన్న నంబరు, దానికి జతచేసిన లెటర్‌హెడ్ మీది నంబరు, కొత్త బిల్లు మీది నంబరు, ఇవన్నీ ఆ మెయిల్‌తో పాటు వచ్చినవే. ఇంటర్నెట్‌లో వెతికి తీసిన నంబరు కూడా పక్కాగా నమ్మలేం.

నమ్మదగినవి ఏవంటే, సప్లయర్‌ని మొదట చేర్చుకున్నప్పుడు నింపిన ఫారం, సంతకాలైన కాంట్రాక్టు, మీ పర్చేజ్ వాళ్లు ఆర్డర్ల కోసం ఏడాదిగా మాట్లాడుతున్న నంబరు, స్టోర్స్ వాళ్ల దగ్గర ఉన్న పాత డెలివరీ చలాన్ల మీది నంబరు. వీటిలో వేర్వేరు చోట్ల రెండింటిలో ఒకే నంబరు కనబడితే దాన్ని నిశ్చింతగా వాడొచ్చు.

వెండర్ మాస్టర్‌లో, అంటే సప్లయర్ల వివరాలన్నీ పెట్టుకునే మీ రికార్డులో, ఉన్న నంబరు సరైనదే కదా అనుకుంటాం. ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. తేదీలతో చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది.

నెల 3వ తేదీన సప్లయర్ నుంచి ఒక చిన్న మెయిల్ వస్తుంది: "మా ఆఫీసు వేరే చోటికి మారింది, ఫోన్ నంబరు మారింది, మీ రికార్డుల్లో మార్చుకోగలరు." డబ్బు ఊసే లేదు. అకౌంట్స్‌లో ఎవరో మాస్టర్ తెరిచి నంబరు మార్చేస్తారు. ఫోన్ నంబరు మార్చడానికి ఎవరి అప్రూవలూ అక్కర్లేదు మరి. 17వ తేదీన అసలు మెయిల్ వస్తుంది, బ్యాంక్ అకౌంట్ మారిందని. ఈసారి మీ వాళ్లు పద్ధతిగానే ఉంటారు. మెయిల్‌లోని నంబరు జోలికి పోకుండా మాస్టర్ తెరిచి, అందులోని నంబరుకి ఫోన్ చేస్తారు. అది 3వ తేదీన దొంగ పెట్టించిన నంబరు. అవతల ఒకాయన కంపెనీ పేరు చెప్పి ఫోన్ ఎత్తుతాడు, అకౌంట్ నంబరు పొల్లుపోకుండా చదువుతాడు. 25వ తేదీన డబ్బు వెళ్లిపోతుంది. వచ్చే నెల 20 ప్రాంతంలో అసలు సప్లయర్ నుంచి ఫోన్ వస్తుంది, మీ బిల్లు గడువు దాటిపోయింది, ఎప్పుడు వేస్తారని. అప్పటికి దాదాపు నెల గడిచిపోయింది.

అందుకని నంబరు తీసుకునే ముందు మాస్టర్‌లో ఆ సప్లయర్ మార్పుల చరిత్ర తెరిచి, ఫోన్, మెయిల్, సంప్రదించే వ్యక్తి పేరు ఎప్పుడు మారాయో చూడండి. గత 90 రోజుల్లో వీటిలో ఏది మారినా, మారకముందు ఉన్న పాత నంబరుకే చేయాలి. పాత నంబరు పనిచేయకపోతే కాంట్రాక్టులో సంతకం పెట్టిన మనిషినో, మీ పర్చేజ్ వాళ్లకి ముఖాముఖి తెలిసిన మనిషినో పట్టుకోవాలి. 90 రోజులు అనేది నేను పెట్టుకున్న హద్దు. మీ పేమెంట్ గడువులు అంతకన్నా పొడుగైతే దాన్నీ పెంచుకోండి. ఈరోజు నుంచి ఇంకో మార్పు కూడా చేయండి. ఫోన్ నంబరు, మెయిల్ ఐడీ మార్పులకి కూడా బ్యాంక్ డీటెయిల్స్ మార్పుకి ఉన్న అప్రూవలే పెట్టండి. దొంగ ముందుగా తట్టేది ఆ తలుపే.

అవతలి నుంచి వచ్చిన కాల్‌ని ఎప్పుడూ వెరిఫికేషన్‌గా లెక్కేయకండి. "మీరు ఫోన్ చేస్తారని తెలిసి మేమే చేస్తున్నాం" అని ఎంత తియ్యగా మాట్లాడినా, స్క్రీన్ మీద వాళ్ల నంబరే కనిపించినా సరే. కాల్ వచ్చినప్పుడు కనిపించే నంబరును మార్చి చూపించవచ్చు. గొంతును కూడా అనుకరించవచ్చు. "సరేనండీ, మా పద్ధతి ప్రకారం మేమే తిరిగి చేస్తాం" అని పెట్టేసి, మీ దగ్గరున్న నంబరుకి చేయండి.

ఎవరు చేయాలి, ఎవరితో మాట్లాడాలి, ఏమడగాలి

మాస్టర్‌లో అకౌంట్ నంబరు ఎక్కించే మనిషి ఒకరు, ఫోన్ చేసే మనిషి వేరొకరు అయి ఉండాలి. ఆఫీసులో ఇద్దరే ఉన్నా ఇది కుదురుతుంది. ఒకరే రెండూ చేస్తే, ఆ ఒక్కరూ ఏమరపాటుగా ఉన్న రోజున ఆపేవాళ్లు ఉండరు. లోపలి మనిషే చేతులు కలిపే ప్రమాదానికి కూడా ఇదే అడ్డు.

అవతల సేల్స్ కుర్రాడితో మాట్లాడి ముగించకండి. అతనికి ఆ అకౌంట్ సంగతి తెలిసే అవకాశం తక్కువ, మిమ్మల్ని నొప్పించడం ఇష్టంలేక "ఆఁ, మారినట్టుంది సార్" అనేస్తాడు. వాళ్ల అకౌంట్స్ హెడ్‌తోనో, యజమానితోనో మాట్లాడాలి. రిసెప్షన్‌కి చేసి అక్కడి నుంచి కలపమంటే ఇంకా మంచిది.

మాటలు దాదాపు ఇలా ఉంటే చాలు:

"నమస్కారమండీ, మీ బ్యాంక్ డీటెయిల్స్ విషయంలో చిన్న వెరిఫికేషన్ కోసం చేస్తున్నాను. ఈమధ్య మీ అకౌంట్‌లో ఏమైనా మార్పు జరిగిందా?"

ఇక్కడ ఆగండి. మెయిల్ వచ్చిందని మీరు ముందే చెప్పకండి. "లేదే, ఏం మార్చలేదు" అన్నారంటే పని అక్కడితో తేలిపోయింది. "అవునండీ, మారింది" అంటే, "కొత్త అకౌంట్ నంబరు, బ్యాంక్ కోడ్, అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో ఒకసారి చదువుతారా?" అని అడగండి. వాళ్లు చదువుతుంటే మీ ముందున్న మెయిల్‌తో ఒక్కో అంకె సరిపోల్చుకోండి. చివరి నాలుగు అంకెలతో సరిపెట్టుకోకండి, మొత్తం చదివించండి. ఆ తర్వాత "పాత అకౌంట్ చివరి నాలుగు అంకెలు ఏమిటండీ? ఎందుకు మార్చారు? ఏ తేదీ నుంచి?" అని అడగండి. పాత అకౌంట్ అంకెలు మెయిల్‌బాక్స్‌లో కూర్చున్న దొంగకి కూడా తెలిసి ఉండొచ్చు కాబట్టి అదొక్కటే రుజువు కాదు. కానీ "ఎందుకు మార్చారు" అన్న దానికి అసలు మనిషి తడుముకోకుండా చెప్తాడు, ఆ చెప్పింది మెయిల్‌లో రాసిన కారణంతో కలవాలి.

మనం చదివి వినిపిస్తే నష్టమేమిటంటారేమో. పనుల హడావిడిలో ఉన్న మనిషి 12, 14 అంకెలు విని "ఆ, అదే అదే" అనేస్తాడు. నిజంగానే అకౌంట్ మార్చుకున్న సప్లయర్ విషయంలో ఇది మరీ ప్రమాదం. వాళ్లు అసలు మార్పు మెయిల్ పంపుతారు, లోపలున్న దొంగ దాన్ని ఆపి, నంబరు మాత్రం మార్చి మీకు పంపుతాడు. అప్పుడు "అకౌంట్ మారిందా?" అన్న ప్రశ్నకి జవాబు "అవును" అనే వస్తుంది, అదీ నిజమైన మనిషి నోటి నుంచే. తేడా అంకెల్లో మాత్రమే ఉంటుంది. వాళ్ల చేత చదివిస్తే అది బయటపడుతుంది, మీరు చదివితే పడదు.

మాట్లాడిన వెంటనే రాసిపెట్టుకోవాల్సినవి: తేదీ, సమయం, ఏ నంబరుకి చేశారు, ఆ నంబరు ఎక్కడి నుంచి తీసుకున్నారు, ఎవరితో మాట్లాడారు, ఏం చదివారు, ఫోన్ చేసిన వారి సంతకం. "ఫోన్‌లో కన్ఫర్మ్ అయింది" అన్న ఒక్క ముక్క పనికిరాదు. నంబరు ఎక్కడిదో రాయాల్సిన గడి ఉంటేనే దాన్ని వెతికి తీసుకునే అలవాటు పడుతుంది. అప్రూవ్ చేసేవారు కూడా ముందుగా ఆ గడినే చూడాలి.

ఫోన్ ఎత్తకపోతే మర్నాడు మళ్లీ చేయండి. ఎత్తలేదు కదా అని మెయిల్‌లోని నంబరు వైపు వెళ్లకండి. పెద్ద మొత్తాలకి, అంటే ఆ డబ్బు పోతే మీ సంస్థకి గట్టి దెబ్బ తగిలేంత మొత్తానికి, ఇద్దరితో మాట్లాడాలి. వీలైతే ఒకరితో ల్యాండ్‌లైన్‌లో. మొబైల్ నంబరును మోసగాళ్లు వేరే సిమ్‌కి మార్పించుకున్న సందర్భాలు ఉన్నాయి కాబట్టి ఒక్క మొబైల్ మీదే మొత్తం భారం వేయడం మంచిది కాదు.

చిన్న మొత్తం పంపి చూడటం, పేరు సరిపోల్చడం

ఈ రెండూ చేస్తున్నాం కాబట్టి ఫోన్ అక్కర్లేదు అనేవాళ్లున్నారు. చిన్న మొత్తం పంపితే తెలిసేది ఆ అకౌంట్ పనిచేస్తోందని మాత్రమే. దొంగ అకౌంట్ కూడా చక్కగా పనిచేస్తుంది, "అందింది" అని మీకు మెయిల్ కూడా వస్తుంది. ఒక్క తీరులోనే అది ఉపయోగం. చిన్న మొత్తం పంపి, ఎంత పంపారో చెప్పకుండా, మీ పాత నంబరుకి ఫోన్ చేసి "ఎంత పడిందో చూసి చెప్పండి" అని అడగాలి. అప్పుడు కూడా కాపాడేది ఫోనే.

లబ్ధిదారు పేరు సరిపోల్చే సౌకర్యం మీ బ్యాంక్ ఇస్తుంటే తప్పకుండా వాడండి. బ్రిటన్‌లో ఇది 2020 నుంచి నడుస్తోంది, ఇప్పుడు యూరో వాడే దేశాల బ్యాంకుల్లోనూ ఉంది. పేరు కలవకపోతే అక్కడికక్కడే ఆపేయొచ్చు. పేరు కలిసిందంటే మాత్రం సగం పని కూడా అయినట్టు కాదు. 2013 నుంచి 2015 మధ్య లిథువేనియా దేశస్థుడొకడు గూగుల్, ఫేస్‌బుక్‌ల నుంచి 12 కోట్ల డాలర్లకు పైగా తన ఖాతాల్లోకి వేయించుకున్నాడు. వాడు చేసిందల్లా, ఆ రెండు సంస్థలకీ హార్డ్‌వేర్ సప్లై చేసే ఆసియా కంపెనీ పేరుతోనే లాత్వియాలో ఇంకో కంపెనీ రిజిస్టర్ చేయించి, ఆ పేరు మీదే బ్యాంక్ అకౌంట్లు తెరిచి, దొంగ బిల్లులు పంపడం. పేరు అచ్చంగా కలిసింది. 2019లో వాడికి అమెరికా కోర్టు 5 ఏళ్ల శిక్ష వేసింది. ఆ కేసులో గమనించాల్సింది పేరు గురించే. అకౌంట్ వేరే దేశంలో ఉండటం, ఇదివరకు ఎప్పుడూ వాడని బ్యాంక్ కావడం, కంపెనీకి బదులు వ్యక్తి పేరు మీద ఉండటం, వీటిలో ఏది కనిపించినా పేరు కలిసిందన్న ధీమా వదిలేసి ఫోన్ దగ్గరికి రండి.

రెండో తలుపు: పేమెంట్ రన్ రోజు

మార్పు అడిగిన రోజునే అంతా పట్టుకోగలం అనుకోవద్దు. ఒక్కోసారి ఎవరూ మార్పు అడగరు, బిల్లు మీదే అకౌంట్ నంబరు మారి వస్తుంది, ఎక్కించేవాళ్లు బిల్లు చూసి మాస్టర్ "సరిచేస్తారు". అందుకని డబ్బు వదిలే ముందు ఇంకో చూపు ఉండాలి. ఈసారి పంపబోయే ప్రతి అకౌంట్ నంబరునూ, అదే సప్లయర్‌కి కిందటిసారి నిజంగా డబ్బు వెళ్లిన నంబరుతో పోల్చాలి. మాస్టర్‌తో పోల్చితే లాభం లేదు, చెడింది మాస్టరే అయి ఉండొచ్చు. బ్యాంక్ నుంచి దిగిన పాత పేమెంట్ ఫైల్‌తో పోల్చాలి.

పెద్ద సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లకి దీనికి ఏర్పాట్లు ఉంటాయి. ఉదాహరణకి `SAP`లో వెండర్ బ్యాంక్ వివరాలను సున్నితమైన ఫీల్డులుగా పెట్టుకుంటే, రెండో మనిషి `FK08`లో కన్ఫర్మ్ చేసేదాకా ఆ వెండర్‌కి పేమెంట్ పడదు. ఎక్సెల్‌తో నడిపేవాళ్లకి ఒక్క ఫార్ములా చాలు. `Paid` అనే షీట్‌లో ఇప్పటివరకు చేసిన పేమెంట్లు తేదీ వరసలో, ఫార్ములా రాసే షీట్‌లో ఈసారి పంపబోయేవి ఉండి, రెండు షీట్లలోనూ `A` కాలమ్‌లో సప్లయర్ కోడ్, `D` కాలమ్‌లో అకౌంట్ నంబరు ఉన్నాయనుకోండి:

```
=IF(XLOOKUP(A2,Paid!A:A,Paid!D:D,"",0,-1)=D2,"OK","HOLD")
```

చివర ఉన్న `-1` కింది నుంచి పైకి వెతకమని చెప్తుంది, అంటే చివరిసారి డబ్బు వెళ్లిన నంబరునే తెస్తుంది. కొత్త సప్లయర్ అయితే పాత పేమెంట్ దొరకదు కాబట్టి అదీ `HOLD` అనే వస్తుంది, రావాలి కూడా.

ఇందులో ఒక జాగ్రత్త ఉంది. అకౌంట్ నంబరు కాలమ్‌ని నంబర్లు అతికించకముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి. లేకపోతే ఎక్సెల్ ముందున్న సున్నాలను తీసేస్తుంది, 15 అంకెలు దాటిన తర్వాతివన్నీ సున్నాలు చేసేస్తుంది. 16 అంకెల అకౌంట్లు రెండు చివరి అంకెలో మాత్రమే తేడాగా ఉంటే ఎక్సెల్ కళ్లకి అవి రెండూ ఒకటే, తప్పుడు నంబరుకి కూడా `OK` అంటుంది. `COUNTIF`తో పోల్చకండి, అది టెక్స్ట్‌గా ఉన్న అంకెలను కూడా నంబరుగా మార్చుకునే పోలుస్తుంది, మళ్లీ అదే తప్పు వస్తుంది.

`HOLD` వచ్చిన ప్రతి లైన్‌కీ ఫోన్ రికార్డు చూపిస్తేనే అప్రూవర్ సంతకం పెట్టాలి. ఇది మీ మేనేజర్‌గారికి కూడా వర్తించాలి. "ఎండీ గారు అర్జెంట్ అన్నారు" అన్న మెయిల్‌తో హోల్డ్ తీసేసే వీలుంటే, దొంగ రాసే తర్వాతి మెయిల్ ఎండీ గారి పేరుతోనే వస్తుంది.

సప్లయర్లు విసుక్కుంటారేమో అన్న జంకు చాలామందికి ఉంటుంది. ముందే చెప్పి ఉంచితే ఎవరూ విసుక్కోరు. కాంట్రాక్టులోనో, పర్చేజ్ ఆర్డర్ కిందనో రెండు వాక్యాలు చేర్చండి: "బ్యాంక్ వివరాల మార్పును మా రికార్డుల్లో ఉన్న నంబరుకి ఫోన్ చేసి ధృవీకరించుకున్న తర్వాతే అమలు చేస్తాం. ఆ ధృవీకరణకు పట్టిన రోజులు పేమెంట్ గడువులో ఆలస్యంగా లెక్కకు రావు." కొత్త సప్లయర్ల విషయంలో, చేర్చుకునే రోజునే వాళ్ల అకౌంట్స్‌లో ఇద్దరి పేర్లు, నంబర్లు రాయించుకుని, పర్చేజ్ వాళ్ల ద్వారా ఒకసారి సరిచూసుకోండి. రేపు మార్పు వచ్చినప్పుడు వాడాల్సిన నంబర్లు అవే.

ఇప్పటికే ఒక పేమెంట్ వెళ్లిపోయి ఉంటే

ఫోన్ చేశాక మోసమని తేలి, ఇదివరకే ఒక పేమెంట్ కొత్త అకౌంట్‌కి వెళ్లిందని బయటపడితే, మెయిళ్లు రాస్తూ కూర్చోకండి. ముందు మీ బ్యాంక్ ఫ్రాడ్ విభాగానికి ఫోన్ చేసి, ట్రాన్సాక్షన్ రిఫరెన్స్ నంబరు, మొత్తం, తేదీ, అవతలి అకౌంట్ చెప్పి, డబ్బు వెనక్కి అడుగుతూ రీకాల్ పంపమని, అవతలి బ్యాంక్‌లో ఆ ఖాతాను స్తంభింపజేయించమని అడగండి. విదేశీ పేమెంట్ అయితే దాని `UETR` నంబరు కూడా ఇవ్వండి, డబ్బు ఏ బ్యాంక్ దగ్గర ఉందో దానితోనే వెతుకుతారు. అదే గంటలో పోలీసులకి ఫిర్యాదు కూడా చేయండి. డబ్బు ఆ ఖాతా నుంచి ఇంకో నాలుగు ఖాతాలకి మారేలోపు ఆపగలిగితేనే తిరిగొస్తుంది, అందుకే రోజులు కాదు, గంటలు లెక్క. అప్పుడు కూడా దొంగకి ఏ అనుమానం రానివ్వకండి. ఆ మెయిల్‌ని డిలీట్ చేయకుండా, ఫార్వర్డ్ చేయకుండా, హెడర్‌తో సహా ఫైల్‌గా సేవ్ చేసి ఉంచండి. ఫార్వర్డ్ చేస్తే అసలు హెడర్ పోతుంది.

మీ విషయంలో ఇంకా డబ్బు వెళ్లలేదు కాబట్టి ఈరోజే పర్చేజ్ వాళ్ల దగ్గర నుంచి నంబరు తీసుకుని ఫోన్ చేయండి. అవతలి వాళ్లు "మేం ఏ మెయిలూ పంపలేదు" అంటే, వాళ్ల ఐటీ వాళ్లచేత ఆ మెయిల్‌బాక్స్ పాస్‌వర్డ్ మార్పించమనండి, లాగిన్ అయి ఉన్న సెషన్లన్నీ తీసేయించమనండి, ఫార్వర్డింగ్, ఇన్‌బాక్స్ రూల్స్ వెతికించమనండి. పాస్‌వర్డ్ ఒక్కటే మార్చి రూల్ వదిలేస్తే, మెయిళ్లు దొంగకి చేరుతూనే ఉంటాయి. వాళ్ల మిగతా కస్టమర్లకి కూడా ఫోన్ చేసి చెప్పమనండి, ఇలాంటి మెయిల్ మీ ఒక్కరికే వచ్చి ఉండదు. ఆ తర్వాత మీ అకౌంట్స్ మెయిల్‌బాక్స్ రూల్స్ కూడా తెరిచి చూడండి. మీ బిల్లు నంబరు, గడువు తేదీ దొంగకి తెలిశాయంటే అవి వాళ్ల వైపు నుంచే వెళ్లాయని లేదు, మీ వైపు నుంచి కూడా వెళ్లి ఉండొచ్చు.